గంటకోసారి సింక్: ఉన్న ఉద్యోగుల ఖాతాలు ఎందుకు మూతపడతాయి?

ప్రశ్న: కంపెనీ యూజర్ డైరెక్టరీతో అప్లికేషన్ ఖాతాలు గంటకోసారి సింక్ అవుతున్నాయి. పనిలో ఉన్నవారి ఖాతాలు కూడా ఒక్కసారిగా మూతపడడానికి కారణమేమిటి?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం, కృష్ణా జిల్లా

జవాబు: సింక్ ప్రోగ్రామ్ డైరెక్టరీ జాబితాను అప్లికేషన్ ఖాతాలతో పోల్చి, కొత్త పేరుకు ఖాతా తెరుస్తుంది, కనిపించని పేరును వెళ్లిపోయిన ఉద్యోగిగా భావించి ఖాతా మూసేస్తుంది. అందువల్ల జాబితా అసంపూర్తిగా వస్తే ప్రమాదమంతా మూసివేత వైపే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ సాధారణ అమరికలో ఒక ప్రశ్నకు 1,000 నమోదులకు మించి ఇవ్వదు. ఉదాహరణకు 1,240 మంది ఉన్న సంస్థలో, ‘పరిమితి దాటింది’ అన్న దోష సంకేతాన్ని ప్రోగ్రామ్ పట్టించుకోకపోతే, మిగిలిన 240 మంది ఆ గంటలోనే ఖాతాలు కోల్పోతారు. లాగ్‌లో చదివిన నమోదుల సంఖ్య సరిగ్గా 1,000 దగ్గర ఆగిందంటే కారణం దాదాపు ఇదే.

జాబితాను పేజీలుగా, అంటే విడతలుగా, చివరిదాకా తెప్పించుకోవడం దీనికి విరుగుడు. అంతకన్నా ముఖ్యంగా, ఒకసారి జరిగే సింక్‌లో మూయవలసినవి మొత్తం ఖాతాల్లో, ఉదాహరణకు, 5 శాతం దాటితే సింక్ తనంతట తానే ఆగి నిర్వాహకుడికి తెలిపేలా అమర్చాలి. ఖాతాను వెంటనే తొలగించక, ముందు నిలిపివేసి కొన్ని వారాలు ఉంచితే పొరపాటును సరిదిద్దే వీలుంటుంది. ఈమెయిల్ మారినా మారని `objectGUID` ఆధారంగా మనిషిని గుర్తించాలి, లేకుంటే చిరునామా మారిన ఉద్యోగికి పాత ఖాతా మూసి కొత్తది తెరుచుకుంటుంది.

ఉద్యోగం నుంచి తొలగించినవారి విషయంలో మాత్రం గంట ఆగకూడదు; వారి ఖాతాను అప్లికేషన్‌లోనే అప్పటికప్పుడు నిలిపివేసి, తెరిచి ఉన్న సెషన్లను కూడా రద్దు చేయాలి.