లేఖారచన: పాడైన గీజరు – ఇంటి యజమానికి లేఖ

పాఠ్య ఉద్దేశం

అద్దె ఇంట్లో యజమాని సమకూర్చిన ఉపకరణం పాడైనప్పుడు అద్దెదారు వ్రాయవలసిన లేఖ స్వరూపాన్ని తెలపడం ఈ పాఠం ఉద్దేశం. ఇటువంటి లేఖ ఫిర్యాదుతో పాటు ఆధారాన్ని కూడా చూపవలసి ఉంటుంది. ఏది పాడైంది, ఎందుకు పాడైంది, అది ఎవరి వస్తువు అన్న మూడు విషయాలూ స్పష్టంగా ఉన్న లేఖకు సమాధానం చెప్పక తప్పదు.

నేపథ్యం

సిరిసిల్లలో పనిచేస్తున్న ఒక ఉపాధ్యాయుడు బదిలీపై జగిత్యాలకు వచ్చాడు. సిరిసిల్ల ఇంట్లో గీజరు ఆయన సొంతంగా కొనుక్కున్నది. కనుక అది చెడినప్పుడు ఆయనే బాగుచేయించుకున్నాడు. జగిత్యాల ఇంట్లోని గీజరు మాత్రం యజమాని బిగించి ఇచ్చినది. ఆ యజమాని కోరుట్లలో నివసిస్తాడు. డిసెంబరు మొదటి వారంలో ఒక ఉదయం గీజరు క్రింద నేల తడిసి ఉంది. ఇంట్లో ఉబ్బసంతో బాధపడే ముసలి తల్లి ఉన్నది. చన్నీటి స్నానం ఆమెకు పడదు.

ఉపాధ్యాయుడు వెంటనే ఫోను చేసి, "గీజరు పాడైంది, మార్పించండి" అన్నాడు. "మీరు వాడుతూ పాడుచేసినదానికి నేనేం చేస్తాను? బాగుచేయించుకోండి" అని అటునుండి సమాధానం వచ్చింది. వస్తువును కంటితో చూడని యజమానికి ఆ ఒక్క వాక్యం ఏ వివరమూ ఇవ్వలేదు.

లోపాన్ని గుర్తించడం

లేఖ వ్రాయడానికి ముందు లోపం ఎక్కడ ఉన్నదో తెలుసుకోవాలి. ముందుగా గీజరు స్విచ్చిని ఆపివేయాలి. తరువాత దాని వెలుపలి భాగాన్ని, గొట్టాలను పొడిగుడ్డతో తుడిచి, మొదటి చుక్క ఎక్కడ పుడుతున్నదో గమనించాలి. గొట్టం కలిసే చోట చుక్క కనబడితే అతుకు వదులైందని అర్థం. ప్లంబరు దానిని కొద్దిసేపట్లో బిగించగలడు. సేఫ్టీ వాల్వు నుండి నీరు వేడెక్కే సమయంలో మాత్రమే కొన్ని చుక్కలు రాలితే అది లోపం కాదు. వేడికి వ్యాకోచించిన నీటిని వాల్వు బయటకు వదులుతున్నదన్నమాట. అలా కాక ఒంటి లోపలి నుండి తుప్పు రంగు నీరు కారుతుంటే లోపలి ట్యాంకుకు చిల్లు పడి ఉండవచ్చు. మెకానిక్ మూత విప్పి దానిని నిర్ధారించాలి.

ఈ భేదమే లేఖలోని కోరికను నిర్ణయిస్తుంది. కాయిల్ కాలినా, థర్మోస్టాట్ చెడినా ఆ భాగాన్ని మార్చి గీజరును వాడుకోవచ్చు. అప్పుడు మరమ్మతు కోరడమే న్యాయం. ట్యాంకు చిల్లుపడితే అతుకు నిలవదు. అప్పుడు ట్యాంకునో గీజరునో మార్చవలసిందే. ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడటానికి చాలా గీజర్లలో మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. ట్యాంకుకు బదులుగా అది క్రమంగా కరిగిపోతుంది. లవణాలు ఎక్కువగా ఉన్న బోరునీటిలో మరింత త్వరగా కరుగుతుంది. అది పూర్తిగా కరిగిన తరువాత తుప్పు ట్యాంకును పట్టుకొంటుంది. ఇది ఏళ్ల తరబడి జరిగే అరుగుదల. ఆరు నెలల క్రితం ఇంట్లో దిగిన వ్యక్తి దానికి కారకుడు కాజాలడు.

ఖర్చు ఎవరిది?

ఈ ప్రశ్నకు మొదటి సమాధానం కిరాయి ఒప్పంద పత్రంలో వెదకాలి. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షను ప్రకారం, యజమాని చేయించవలసి ఉన్న మరమ్మతును నోటీసు అందిన తరువాత సహేతుకమైన గడువులో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. అయితే ఆ మరమ్మతు బాధ్యత యజమానిదై ఉండాలి. ఒప్పందంలో వేరే షరతు ఉంటే ఆ షరతే చెల్లుతుంది.

2021లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, ఒప్పందంలో వేరుగా వ్రాసుకోనప్పుడు, గీజరు మరమ్మతులను అద్దెదారు వంతులో చేర్చింది. ఆ నమూనా దానంతట అదే అమలులోకి రాదు. రాష్ట్రం దానిని చట్టంగా చేసుకోవాలి. అయినా దాని నుండి గ్రహించవలసిన విషయం ఒకటున్నది. గీజరు బాధ్యత తప్పక యజమానిదేనని ఊహించుకోరాదు. ఇంట్లో దిగేనాడే ఆ మాట ఒప్పందంలో వ్రాయించుకోవాలి. జగిత్యాల ఉపాధ్యాయుని ఒప్పందంలో "సహజమైన అరుగుదల వలన పాడైన సామానును యజమాని మార్పించవలెను" అన్న వాక్యం ఉన్నది. ఫోనులో ఆయన ఆ సంగతి ఎత్తలేదు. లేఖలో ఎత్తాడు.

నమూనా లేఖ

జగిత్యాల,
10-12-2024.

గౌరవనీయులైన ఇంటి యజమాని గారికి,
కోరుట్ల.

విషయం: గీజరు ట్యాంకు కారుతున్నందున మార్పించవలసిందిగా విన్నపం.

అయ్యా,

నమస్కారములు. తమ ఇంటి మొదటి అంతస్తులో గత జూన్ నుండి కిరాయికి ఉంటున్నాను. ఒప్పంద పత్రం చివర ఉన్న సామాను జాబితాలో 15 లీటర్ల గీజరు ఒకటి తమ వస్తువుగా నమోదై ఉంది.

ఈ నెల 6వ తేదీ ఉదయం నుండి గీజరు అడుగున నీరు కారుతున్నది. అప్పటినుండి స్విచ్చి ఆపి ఉంచాను. 8వ తేదీన మెకానిక్ వచ్చి మూత విప్పి చూశాడు. గొట్టాల అతుకులు బాగున్నాయని, లోపలి ట్యాంకు తుప్పుపట్టి చిల్లుపడిందని, అది అతుకుకు లొంగదని చెప్పాడు. ఆయన వ్రాసి ఇచ్చిన చీటీని, రెండు ఫొటోలను జతపరుస్తున్నాను.

గీజరుపై ఉన్న చీటీలో తయారీ సంవత్సరం 2020 అని ఉన్నది. చాలా కంపెనీలు ట్యాంకుకు విడిగా ఎక్కువ ఏళ్ల వారంటీ ఇస్తాయి. తమ వద్ద ఉన్న బిల్లు, వారంటీ కార్డు పరిశీలించి గడువు మిగిలి ఉన్నచో కంపెనీకి తెలియజేయగలరు. గడువు తీరిపోయినచో ఒప్పందంలోని సహజ అరుగుదల షరతు ప్రకారం కొత్తది బిగింపించగలరు. ఇంట్లో మా అమ్మగారికి ఉబ్బసం ఉన్నందున ఈ నెల 17వ తేదీలోగా ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను. మెకానిక్ రాదలచిన రోజు ముందుగా తెలిపితే ఇంటివద్ద ఉంటాను.

ఇట్లు,
తమ కిరాయిదారు,
(సంతకం)

లేఖ పరిశీలన

ఈ లేఖలో నిందావాక్యం లేదు. అద్దె ఆపుతానన్న బెదిరింపు కూడా లేదు. మొదటి లేఖలోనే అద్దె ఆపితే తగాదా గీజరును వదిలి అద్దె బకాయి మీదికి మళ్లుతుంది. యజమానికి తెలియకుండా కొత్త గీజరు కొనడమూ తగదు. ఇల్లు ఖాళీ చేసేనాడు అది ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. లేఖ నకలును, పంపిన రసీదును భద్రపరచుకోవాలి. నోటీసు ఏనాడు ఇచ్చినదీ తేల్చేవి అవే.

కోరుట్ల యజమాని లేఖ చదివి బిల్లు వెదికాడు. ట్యాంకు వారంటీలో ఇంకా కొన్ని నెలలు మిగిలి ఉన్నాయి. కంపెనీ మనిషి వచ్చి ట్యాంకు మార్చాడు. రాకపోకల రుసుము యజమాని చెల్లించాడు. ఫోనులో "మీరే పాడుచేశారు" అన్న మాట మళ్లీ వినబడలేదు.

అర్థాలు

ఉపకరణం = పనికి తోడ్పడే సాధనం
అరుగుదల = వాడుక వలన కలిగే క్షయం
సహేతుకమైన = తగిన కారణంతో కూడిన
నకలు = ప్రతి

అభ్యాసం

1. ఉపాధ్యాయుని ఫోను మాటకు, లేఖకు గల భేదాన్ని వివరించండి.
2. ఏ లోపానికి మరమ్మతు, ఏ లోపానికి మార్పిడి కోరాలో కారణాలతో వ్రాయండి.
3. సిరిసిల్లలోని అద్దె ఇంట్లో యజమాని బిగించిన ఏసీ చల్లదనం ఇస్తున్నా లోపలి పెట్టె నుండి నీరు కారుతున్నది. నీరు పోయే గొట్టం పూడిపోయిందని మెకానిక్ చెప్పాడు. యజమానిని మరమ్మతు కోరాలా, కొత్త ఏసీ కోరాలా నిర్ణయించి లేఖ వ్రాయండి.