కొవ్వు పరీక్షకు పరగడుపు తప్పనిసరా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో లిపిడ్ ప్రొఫైల్ రాసిన చీటీ చేతికిచ్చేటప్పుడు ఇప్పటికీ వినబడే మాట ఒకటే: ‘రేపు పొద్దున ఏం తినకుండ రా’. ల్యాబ్ టెక్నీషియన్, నర్సింగ్ నియామక పరీక్షలకు చదివేవాళ్లు కూడా ‘12 గంటల ఉపవాసం’ అనే జవాబునే బట్టీ పడుతుంటారు. కానీ మార్గదర్శకాలు మారాయి. కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024 జులైలో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం, గుండె జబ్బు ముప్పు అంచనాకూ చికిత్సకూ తిన్న తర్వాత తీసిన రక్తం సరిపోతుంది. యూరప్ సంఘాలు ఇదే మాటను 2016లో చెప్పాయి. డెన్మార్క్‌లో 2009 నుంచే ఈ పద్ధతి నడుస్తోంది. మరి ఇన్నేళ్లు ఉపవాసం ఎందుకు ఉండమన్నారు? దీనికి జవాబు తెలిస్తే మిగిలినదాన్ని బట్టీ పట్టనక్కర్లేదు.

రిపోర్టులో కొలిచేవి, లెక్కకట్టేవి

లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టులో ఐదారు అంకెలు ఉంటాయి. వాటిలో యంత్రం సాధారణంగా నేరుగా కొలిచేవి మూడే: మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు. డాక్టరు మొదట చూసే ఎల్‌డీఎల్ (‘చెడు కొలెస్ట్రాల్’ అని పిలిచేది) చాలా ల్యాబుల్లో ఈ మూడింటి నుంచి లెక్కగట్టిందే. ఆ లెక్కను ఫ్రీడ్‌వాల్డ్, లెవీ, ఫ్రెడ్రిక్సన్ 1972లో ప్రచురించారు:

ఎల్‌డీఎల్ = మొత్తం కొలెస్ట్రాల్ − హెచ్‌డీఎల్ − (ట్రైగ్లిజరైడ్లు ÷ 5)

అన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లోనే ఉండాలి. చివరనున్న ‘÷ 5’ వీఎల్‌డీఎల్‌లోని కొలెస్ట్రాల్‌కు అంచనా. పరగడుపున రక్తంలోని ట్రైగ్లిజరైడ్లలో ఎక్కువ భాగాన్ని మోసేది కాలేయం తయారుచేసిన వీఎల్‌డీఎల్ కణాలే. వాటిలో ఐదు పాళ్ల ట్రైగ్లిజరైడ్లకు సుమారు ఒక పాలు కొలెస్ట్రాల్ ఉంటుంది కాబట్టి లెక్క కుదురుతుంది.

అన్నం తిన్నాక రక్తంలోకి మరో రకం కణాలు వస్తాయి. తిన్న కొవ్వును పేగు కైలోమైక్రాన్లుగా కట్టి పంపుతుంది. ఇవి దాదాపుగా ట్రైగ్లిజరైడ్ల మూటలే, కొలెస్ట్రాల్ చాలా తక్కువ. తిన్న మూడు నాలుగు గంటలకు ఎక్కువగా కనబడి, ఆరోగ్యవంతుల్లో పది పన్నెండు గంటలకల్లా రక్తంలోంచి తొలగిపోతాయి. అవి ఉండగా రక్తం తీస్తే సూత్రం వాటినీ ఐదుతో భాగిస్తుంది. వాటిలో అంత కొలెస్ట్రాల్ లేకపోయినా తీసేస్తుంది, అంతమేరకు ఎల్‌డీఎల్ తగ్గి కనబడుతుంది. 12 గంటల నియమానికి ముఖ్య కారణాల్లో ఈ సూత్రం ఒకటి. రెండో కారణం, ట్రైగ్లిజరైడ్ల అంకెను అందరిలో ఒకే స్థితిలో పోల్చడం.

తింటే ఎంత మారుతుంది?

డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో 33 వేలమందికి పైగా రక్తాన్ని పరిశీలించి 2008లో వెల్లడించిన ఫలితాలను యూరప్ సంఘాలు ఆధారంగా తీసుకున్నాయి. రోజూ తినే మామూలు భోజనం తర్వాత ట్రైగ్లిజరైడ్లు సగటున సుమారు 26 పెరిగాయి. మొత్తం కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్ సుమారు 8 చొప్పున తగ్గాయి. హెచ్‌డీఎల్ దాదాపు కదల్లేదు. తింటే కొలెస్ట్రాల్ పెరుగుతుందనే అందరి అనుమానానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. భోజనంతో పాటు తాగిన నీళ్లు రక్తాన్ని కొద్దిగా పలుచన చేయడమే ఆ తగ్గుదలకు కారణమని పరిశోధకులు భావించారు, ఎందుకంటే అదే సమయంలో అల్బుమిన్ కూడా తగ్గింది.

కెనడాలోని కాల్గరీలో రెండు లక్షల మందికి పైగా రిపోర్టులను 2012లో విశ్లేషించినప్పుడు కూడా ఇదే తేలింది. ఎన్ని గంటల ఉపవాసం అన్నదాన్ని బట్టి మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్ సగటు 2 శాతం కూడా మారలేదు. లెక్కించిన ఎల్‌డీఎల్ 10 శాతం వరకూ, ట్రైగ్లిజరైడ్లు 20 శాతం వరకూ మారాయి. ఇక్కడొకటి గమనించాలి. పరగడుపునే రెండు వేర్వేరు రోజుల్లో రక్తం తీసినా ఒకే మనిషిలో ట్రైగ్లిజరైడ్లు సుమారు ఇంతే తేడా చూపుతాయి. ఉపవాసం ఉన్నంత మాత్రాన ఆ అంకె స్థిరమైపోదు.

ఇవన్నీ సగటులేనని మరవొద్దు. షుగరు ఉన్నవాళ్లలో, ముందే ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్లలో తిన్నాక పెరుగుదల ఎక్కువగా ఉంటుంది. మనవాళ్లలో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువగా ఉండే తీరు సాధారణం కనుక ఈ హెచ్చరిక మనకు మరింత అవసరం.

ఒక రైతు, రెండు రిపోర్టులు

దేవరకొండ వైపు తండాకు చెందిన నలభై ఏళ్ల రైతును ఊహించుకుందాం. షుగరు, బీపీ లేవు. పరగడుపున పరీక్ష చేయిస్తే మొత్తం కొలెస్ట్రాల్ 190, హెచ్‌డీఎల్ 36, ట్రైగ్లిజరైడ్లు 200. ఐదుతో భాగిస్తే 40. ఎల్‌డీఎల్ 190 − 36 − 40, అంటే 114.

వారం తర్వాత జొన్నరొట్టె, కూర తిని, టీ తాగి బస్సెక్కాడు. మూడు గంటలకు రక్తం తీశారు. మొత్తం కొలెస్ట్రాల్ 182, హెచ్‌డీఎల్ అదే 36, ట్రైగ్లిజరైడ్లు 240. ఐదుతో భాగిస్తే 48. ఎల్‌డీఎల్ 182 − 36 − 48, అంటే 98.

తగ్గింది 16. అందులో 8 మొత్తం కొలెస్ట్రాల్ తగ్గడం వల్ల, మరో 8 సూత్రం ఎక్కువ తీసేయడం వల్ల. 2024 మార్గదర్శకాల్లో ముప్పు తక్కువున్నవారికి ఎల్‌డీఎల్ లక్ష్యం 100 లోపు. మొదటి రిపోర్టులో గీత దాటాడు, రెండోదాంట్లో గీతకు ఇవతల ఉన్నాడు. మనిషి మాత్రం మారలేదు. తిన్నాక తీసే రక్తంలో ఉండే నిజమైన చిక్కు ఇదే. గీత దగ్గరున్న ఎల్‌డీఎల్ తప్పుడు ధైర్యం ఇవ్వగలదు.

దీనికి విరుగుడు అదే రిపోర్టులో ఉంది. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే వచ్చేది నాన్ హెచ్‌డీఎల్. దీనికి ట్రైగ్లిజరైడ్ల అంకెతో పనిలేదు, ఐదుతో భాగించే అవసరం లేదు. మన రైతుకు మొదటిసారి 154, రెండోసారి 146. లక్ష్యం 130 లోపు. రెండు రిపోర్టులూ ఎక్కువే అన్నాయి. తిన్నాక తీసిన రక్తంలో ముందు చూడాల్సింది ఈ అంకెనే.

ట్రైగ్లిజరైడ్ల హద్దు కూడా మారుతుంది. పరగడుపున 150 నుంచి ఎక్కువగా లెక్కవేస్తే, తిన్న తర్వాత 175 నుంచి లెక్కవేస్తారు. పై రైతుకు రెండు లెక్కల్లోనూ ఎక్కువే.

‘తినలేదు’ అంటే ఏమిటి?

2021 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం 19 జిల్లాల్లో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రాలు తెరిచింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఆ జాబితాలో ఉన్నాయి. పీహెచ్‌సీల్లో తీసిన రక్తం నమూనాలు వాహనాల్లో జిల్లా కేంద్రానికి చేరతాయి. రోగిని చూసేది పీహెచ్‌సీలో, యంత్రం ఉండేది జిల్లా కేంద్రంలో. రక్తం ఇచ్చినప్పటి స్థితి నమూనాతో పాటు వెళ్లాలంటే ఫారంలో రాయడం ఒక్కటే దారి. చివరిసారి తిని ఎన్ని గంటలైందో రాయకపోతే ఆ రైతు ట్రైగ్లిజరైడ్ల 240ని ఎవరూ సరిగా చదవలేరు.

అడిగే తీరు కూడా ముఖ్యం. ‘తిన్నవా?’ అంటే చాలామంది లేదనే చెబుతారు. టీ తాగడాన్ని మన దగ్గర తినడం కింద లెక్కవేయరు. ఒక కప్పు పాల టీ కొవ్వు పరీక్షను పెద్దగా మార్చదు, కానీ అదే చీటీలో పరగడుపు షుగర్ కూడా ఉంటే దాన్ని చెడగొడుతుంది. ‘పొద్దున్నించి నీళ్లు కాక ఏం తీసుకున్నవు?’ అని అడగాలి.

ఇంకో ప్రశ్న రాత్రి గురించి. కల్లయినా, సారాయయినా, బ్రాందీ అయినా ముందురోజు తాగితే ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. ఇక్కడ పెరిగేది పేగు నుంచి వచ్చిన కైలోమైక్రాన్లు మాత్రమే కాదు, కాలేయం ఎక్కువగా తయారుచేసిన వీఎల్‌డీఎల్ కూడా. అందుకే రాత్రంతా పస్తులున్నా ఆ పెరుగుదల పోదు. తాగి 12 గంటలు ఉపవాసం ఉన్నవాడి రిపోర్టు కన్నా, తాగకుండా జొన్నరొట్టె తిని వచ్చినవాడి రిపోర్టే నమ్మదగినది.

పరగడుపు తప్పనివాళ్లు

తిన్నాక తీసిన రక్తంలో ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే మళ్లీ పరగడుపున పరీక్షించాలి. ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం కూడా అక్కడితో పనికిరాదు. 440 ఉన్నవారికి 88 తీసేస్తే వచ్చే ఎల్‌డీఎల్ కేవలం అంకె, అర్థం లేనిది. ఆ గడి ఖాళీగా ఉంచడమో, ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవడమో చేయాలి. ఇలాంటి నమూనా సెంట్రిఫ్యూజ్ నుంచి తీయగానే తెలిసిపోతుంది. గడ్డి రంగులో తేటగా ఉండాల్సిన సీరం మబ్బుగా, ఇంకా ఎక్కువైతే పాలలాగా ఉంటుంది. ఆ తెలుపు కాంతిని అడ్డుకుని ఇతర పరీక్షల అంకెలనూ తప్పుగా చూపించగలదు కనుక రిపోర్టులో ఆ మాట రాయాలి.

వంశపారంపర్యంగా ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్లకు, వాటివల్ల క్లోమం వాచి కోలుకుంటున్నవాళ్లకు, వాటిని పెంచే స్టెరాయిడ్లలాంటి మందులు మొదలుపెట్టేవాళ్లకు కూడా పరగడుపే మంచిది. ఇక చీటీలో పరగడుపు షుగర్ కూడా ఉంటే ఉపవాసం ఎలాగూ తప్పదు, కాకపోతే అది షుగరు కోసం, 8 గంటలు చాలు. హెచ్‌బీఏ1సీ రాస్తే అదీ అక్కర్లేదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. గ్లిమెపిరైడ్ బిళ్లో, ఇన్సులినో తీసుకునే షుగరు రోగి మందు వేసుకుని తినకుండా బస్సులో వచ్చి వరుసలో నిలబడితే షుగరు పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. ఉపవాసం ఉండాల్సి వస్తే ఆ పూట మందు సంగతి డాక్టరును ముందే అడగాలి. కొవ్వు పరీక్ష ఒక్కటే అయితే తిని రమ్మనడమే సరైన సలహా.

ప్రశ్నగా వస్తే

లెక్క అడిగితే: మొత్తం కొలెస్ట్రాల్ 210, హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్లు 150 అయినప్పుడు ఎల్‌డీఎల్ ఎంత? ఐదో వంతు 30 కాబట్టి 140. నాన్ హెచ్‌డీఎల్ 170.

‘తిన్న తర్వాత అతి తక్కువగా మారేది ఏది?’ అంటే హెచ్‌డీఎల్. ‘అతి ఎక్కువగా మారేది?’ అంటే ట్రైగ్లిజరైడ్లు. ‘లిపిడ్ ప్రొఫైల్‌కు ఎన్ని గంటల ఉపవాసం?’ అని పాత పద్ధతిలో అడిగి 6, 8, 12, 24 అని ఇస్తే 12 గుర్తించాలి, అక్కడ అడిగేది సంప్రదాయ నియమాన్ని. ‘సాధారణ పరిశీలనకు ఉపవాసం అవసరం లేదు’ అనే వాక్యం సరైనదా కాదా అని అడిగితే సరైనదే. ట్రైగ్లిజరైడ్లు 480 అని ఇచ్చి ఎల్‌డీఎల్ లెక్కించమంటే మాత్రం కూడికలు, తీసివేతల్లోకి దిగొద్దు. ఆ ప్రశ్నలో సరైన ఎంపిక ‘ఈ సూత్రంతో లెక్కించలేం’ అనేదే.