సర్కారు పేరు చెప్పి నీళ్ల పరీక్ష: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మధ్యాహ్నం ఇంట్లో నేను, మా అత్తమ్మ మాత్రమే ఉన్నప్పుడు మెడలో కార్డులు వేసుకున్న ఇద్దరు అబ్బాయిలు వచ్చారు. "గవర్నమెంటు తరఫున ఇంటింటికీ నీళ్లు టెస్ట్ చేస్తున్నాం" అన్నారు. ఒక గ్లాసులో మా నల్లా నీళ్లు, ఇంకో గ్లాసులో వాళ్లు తెచ్చిన నీళ్లు పోసి, కడ్డీలున్న చిన్న మిషన్ వాటిలో పెట్టి ప్లగ్గు పెట్టారు. నిమిషంలో మా నీళ్లు ఆకుపచ్చగా, తర్వాత మట్టిరంగులోకి తిరిగి పైన తెట్టు కట్టాయి. వాళ్లవి తేటగానే ఉన్నాయి. ఆర్వో మిషన్ 32 వేలట, ఇవాళే బుక్ చేస్తే 27 వేలట. మేం కొనలేదు గానీ, అత్తమ్మ ఆ రోజు నుంచి నల్లా నీళ్లు ముట్టడం లేదు. ఆ మురికంతా నిజంగా మా నీళ్లలోనే ఉందా?
– ఒక గృహిణి, సూర్యాపేట

జవాబు: లేదమ్మా. ఆ మురికి వాళ్ల కడ్డీల్లోంచి వచ్చింది.

ఆ మిషన్‌లో సాధారణంగా ఇనుప కడ్డీలు, అల్యూమినియం కడ్డీలు ఉంటాయి. కరెంటు పెడితే ఇనుము కరిగి నీళ్లలోకి దిగుతుంది. మొదట ఆకుపచ్చగా కనిపించి, గాలి తగిలేకొద్దీ తుప్పు రంగుకు మారుతుంది. అల్యూమినియం వైపు నుంచి తెల్లటి తరకలు లేస్తాయి. రెండూ కలిసి మీరు చూసిన తెట్టు అయ్యాయి. ఈసారి ఎవరైనా వస్తే గ్లాసును వదిలేసి ఆ కడ్డీల వైపు చూడండి. నాలుగిళ్లు తిరిగిన మిషనైతే ఇనుప కడ్డీ గరుకుగా, చిల్లులు పడి, తిన్నట్టు ఉంటుంది.

మరి వాళ్ల నీళ్లు ఎందుకు మారలేదు? కరెంటు పారాలంటే నీళ్లలో కొంత ఉప్పు, ఖనిజాలు కరిగి ఉండాలి. ఆర్వో నీళ్లలో అవి బాగా తక్కువ కాబట్టి కరెంటు సరిగా పారదు, ఇనుమూ కరగదు. అంటే ఆ ఆట చెప్పేది ఒక్కటే, ఏ నీళ్లలో ఖనిజాలు ఎక్కువున్నాయో. ఏవి తాగొచ్చో, ఏవి తాగకూడదో అది చెప్పదు. మంచి బావి నీళ్లు పెట్టినా అలాగే రంగు మారతాయి.

మీ అత్తమ్మగారికి నమ్మకం కుదరాలంటే ఒక పని చేయించండి. మళ్లీ అలాంటి వాళ్లు వస్తే, వాళ్ల "మంచి నీళ్ల" గ్లాసులో మీ వంటింటి ఉప్పు చిటికెడు వేసి మిషన్ పెట్టమనండి. అవీ బురద రంగుకు తిరుగుతాయి. చాలామంది ఆ ఉప్పు డబ్బా చూడగానే సంచి సర్దుకుంటారు. మీరు మాత్రం ఆ గ్లాసులో వేలు పెట్టకండి, ఇంట్లో వైర్లతో ప్రయత్నించకండి. అది 230 వోల్టుల కరెంటు.

ఇక సర్కారు సంగతి. నీళ్లు పరీక్షించే ప్రభుత్వ సిబ్బంది నమూనా సీసాలో పట్టుకుపోతారు, లేదా కిట్‌తో పరీక్షించి ఫలితం రాసుకుంటారు. జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లలో ఆడవాళ్లకే ఈ కిట్లతో పరీక్షించడం నేర్పించారు. వాళ్లలో ఎవరూ మిషన్ అమ్మరు, "ఇవాళే అయితే ఇంత" అనరు. మెడలో కార్డున్నంత మాత్రాన నమ్మాల్సిన పని లేదు. మున్సిపాలిటీకి ఫోన్ చేసి, ఈ పేరున్న మనిషిని మా వార్డుకు పంపారా అని అడగండి. వాళ్ల ముందే అడిగితే ఇంకా మంచిది.

ప్రశ్న: మాకు బోరు ఉంది, భగీరథ నల్లా కూడా ఉంది. వచ్చినాయన బోరు నీళ్లలో మీటరు పెడితే 640 చూపించింది. 500 దాటితే విషమే అన్నాడు. నల్లా నీళ్లలో చుక్కల మందు వేస్తే పచ్చగా అయ్యాయి, బ్యాక్టీరియా ఉందన్నాడు. అసలే మనది ఫ్లోరైడ్ ప్రాంతం. కొనకపోతే తప్పు చేసినవాళ్లమవుతామేమోనని భయంగా ఉంది.
– ఒక పాఠకుడు, కోదాడ

జవాబు: ఫ్లోరైడ్ భయం ఈ నేలది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండలో 480 మంది పోటీలో నిలిచింది ఈ నీళ్ల గోడు దేశానికి వినిపించడానికే. అమ్మకానికి వచ్చేవాళ్లకు ఆ భయం సంగతి బాగా తెలుసు. కానీ వాళ్ల చేతిలోని మీటరు ఫ్లోరైడ్‌ను చూడలేదు.

640 అంటే లీటరు నీళ్లలో కరిగిన పదార్థాలన్నీ కలిపి సుమారు 640 మిల్లీగ్రాములు. మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 500 వరకు ఉంటే మేలు, వేరే నీళ్లు దొరకనిచోట 2000 వరకు అనుమతి ఉంది. 640 విషం కాదు, కాస్త ఉప్పదనం తగలొచ్చు, అంతే. ఫ్లోరైడ్‌కు అదే ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, గత్యంతరం లేకపోతే 1.5. మీ 640లో ఫ్లోరైడ్ అర మిల్లీగ్రామున్నా, మూడున్నా మీటరు అంకె దాదాపు అదే. ఆ మీటరుకు మామూలుగా ఉండే 2 శాతం తేడాయే 13 దాకా వస్తుంది. 300 చూపించిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుండొచ్చు, 900 చూపించిన నీళ్లలో తక్కువుండొచ్చు.

పచ్చరంగు విషయానికొస్తే, క్లోరిన్ చూసే చుక్కలు క్లోరిన్ తగిలితే పచ్చగా మారతాయి. ఇంటి దాకా వచ్చిన నల్లా నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది నియమం. పచ్చరంగు దానివల్ల వచ్చిందైతే సంతోషించాల్సిన విషయం. బ్యాక్టీరియా పరీక్షకు ఒక రోజు నుంచి రెండు రోజులు పడుతుంది. గుమ్మంలో నిలబడి చూపించిన బ్యాక్టీరియా అబద్ధం.

మీరు చేయాల్సింది ఇది. బోరు నీళ్లు తాగుతున్నట్టయితే ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి, మోటారు కాసేపు నడిచాక నింపి, తేదీ రాసి, గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు ఇవ్వండి. బ్యాక్టీరియాకు కావాలంటే సీసా వాళ్లనే అడగండి, ఇంటి సీసా పనికిరాదు. ఫ్లోరైడ్ ఫలితం 1 దాటితే తాగడానికి, వంటకు భగీరథ నీళ్లు వాడండి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరయ్యేకొద్దీ చిక్కబడుతుంది. ఆర్వో మాత్రం ఫ్లోరైడ్‌ను బాగానే తగ్గిస్తుంది, దాన్ని నేను కాదనను. మీ నల్లా సరిగా రాకపోతే కొనండి. అయితే కాగితం మీద ఫ్లోరైడ్ అంకె చూసుకుని, దుకాణంలో ధర, ఏటా మార్చాల్సిన ఫిల్టర్ల ఖర్చు అడిగి కొనండి. అది వదిలేసే నీళ్లను గిన్నెలు తోమడానికి పట్టుకోండి.

ప్రశ్న: మా నాన్నగారు ఒంటరిగా ఉన్నప్పుడు వచ్చి 4 వేలు అడ్వాన్సు ఫోన్‌లో కట్టించుకున్నారు. మిగతా 24 వేలకు ఈఎంఐ అని ఓటీపీ కూడా తీసుకున్నారు. మిషన్ ఇంకా బిగించలేదు. ఇప్పుడేం చేయాలి?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: ముందు ఈఎంఐని ఆపండి. అప్పు ఏ ఫైనాన్స్ సంస్థ పేరున మంజూరైందో ఫోన్‌కు వచ్చిన సందేశంలో ఉంటుంది. డిజిటల్ రుణం నుంచి కొద్దిపాటి గడువులో అసలు, ఆ రోజుల వడ్డీ కట్టేసి వెనక్కి తగ్గే వీలు రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఉంది. ఆ గడువు రుణ పత్రంలో రాసి ఉంటుంది కాబట్టి ఈ రోజే చూడండి. మిషన్ రాలేదని, సరుకు వద్దని ఆ సంస్థకూ, అమ్మిన వాళ్లకూ రాతపూర్వకంగా పంపండి. మిషన్ బిగించడానికి వస్తే బిగించనివ్వకండి. బిగించాక వాదన కష్టమవుతుంది.

తర్వాత రసీదు, కట్టిన 4 వేల స్క్రీన్‌షాట్, వాళ్ల ఫోన్ నంబరు, కార్డు ఫొటో ఉంటే అదీ ఒకచోట పెట్టుకోండి. ప్రభుత్వ ఆమోదం ఉందని అబద్ధం చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అన్యాయ వ్యాపారం. ప్రభుత్వ ఉద్యోగినని నటించడం వేరే నేరం, దానికి భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షన్ ఉంది. నాన్నగారిని తీసుకెళ్లి పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వక ఫిర్యాదు ఇప్పించండి. వాళ్లు సర్కారు పేరు చెప్పి ఉంటే, ఏ మాటల్లో చెప్పారో అవే మాటల్లో రాయించండి. పేరు తెలిసిన కంపెనీ అయితే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. డబ్బు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లొచ్చు. 5 లక్షలలోపు కొనుగోలుకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. అమ్మినవాళ్ల ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా, మీరుండే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు.