చుక్క నడకే కాఫీ చిక్కదనం

అబిడ్స్ తాజ్‌మహల్ హోటల్లో ఫిల్టర్ కాఫీ తాగినవాళ్లకి డికాక్షన్ అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కణ్ణించి నాంపల్లి వైపు నడిచి ఓ ఇరానీ హోటల్లో కూర్చుంటే రెండో పాఠం దొరుకుతుంది. చాయ్ డికాక్షన్ ఒక గిన్నెలో, కాగి కాగి చిక్కబడ్డ పాలు ఇంకో గిన్నెలో వేరువేరుగా ఉండి, ఆఖరున కప్పులోనే కలుస్తాయి. పాలు ఎంత చిక్కగా, తియ్యగా ఉంటే డికాక్షన్ అంత ఘాటుగా ఉండాలి. లేకపోతే కప్పులో పాల రుచే మిగులుతుంది.

వియత్నాంవాళ్ల కాఫీ ఈ రెండు పాఠాలనీ ఒకే కప్పులో చూపిస్తుంది. కప్పు అడుగున కండెన్స్‌డ్ మిల్క్, కప్పు నెత్తిన చిన్న లోహపు ఫిల్టరు. ఆ ఫిల్టరుని అక్కడ ఫిన్ అంటారు. ఫ్రెంచివాళ్లు 19వ శతాబ్దంలో కాఫీ మొక్కని అక్కడికి తెచ్చారు. తాజా పాలు దొరకడం అప్పట్లో కష్టంగా ఉండేది కాబట్టి డబ్బా పాలు అలవాటయ్యాయి. ఆ పాల తీపిని తట్టుకునే గాఢత కాఫీకి రావాలంటే చుక్క నడకని మన చేతిలో పెట్టుకోవాలి. ఈ కథనం దాని గురించే.

ఫిల్టరు సంగతి

మన ఇళ్లలోని రెండంతస్తుల స్టీలు ఫిల్టరూ, ఈ ఫిన్నూ పనిచేసే సూత్రం ఒకటే. బరువుకి నీళ్లు కిందికి దిగుతూ పొడిలోని సారాన్ని తీసుకెళతాయి. తేడా సమయంలో ఉంది. మన ఫిల్టర్లో రాత్రి పోసి పొద్దున తీసుకున్నా నష్టం లేదు, డికాక్షన్‌ని ఎలాగూ వేడి పాలలో కలుపుతాం. ఫిన్ నుంచి దిగేది నేరుగా తాగే కప్పులోకి. ఆలస్యమైతే చల్లారిపోతుంది, తొందరపడితే పలచనవుతుంది. అందుకే దీనికి ఒక గడువుంది: పోసినప్పటి నుంచి ఐదు నిమిషాలు, ఒక అర నిమిషం అటూ ఇటూ.

ఫిన్‌లో నాలుగు భాగాలుంటాయి. కప్పు మీద కూర్చునే చిల్లుల పళ్లెం, దాని మీద పొడి వేసే గిన్నె, పొడిని పైనుంచి అదిమే చిల్లుల బిళ్ల, మూత. బిళ్ల రెండు రకాలు. ఒకటి ఊరికే పొడి మీద కూర్చుంటుంది, ఇంకోటి మరతో బిగుస్తుంది. కొత్తగా కొనేవాళ్లకి మర ఉన్నదే మేలు, ఎంత బిగించామో వేళ్లకి తెలుస్తుంది. పలచటి అల్యూమినియం కంటే మందపాటి స్టీలుది వేడిని ఎక్కువసేపు నిలుపుకుంటుంది. ఇక్కడ చెప్పే కొలతలన్నీ 120 మిల్లీలీటర్ల గిన్నెకి.

ముందుగా పొడి

చుక్క వేగాన్ని శాసించే వాటిలో మొదటిది పొడి ఎంత మెత్తగా ఉందన్నది. మిగతావన్నీ దీని తరవాతే. మన ఫిల్టర్ కాఫీ కోసం దుకాణంలో పట్టి ఇచ్చే పొడి ఫిన్‌కి మరీ మెత్తన. రేణువుల మధ్య సందులు మూసుకుపోయి నీళ్లు పైనే నిలిచిపోతాయి. కిందికి జారిన సన్న పొడి కప్పు అడుగున బురదలా చేరుతుంది.

కాబట్టి అప్పటికప్పుడు మరపట్టే దుకాణానికి వెళ్లినప్పుడు ఇలా అడగండి: “అన్నా, ఫిల్టర్ పొడి కన్నా కొంచెం ముతకగా పట్టు, సన్న రవ్వలా వేళ్లకి తగలాలి.” ఒకేసారి కిలో పట్టించకండి. వంద గ్రాములు తెచ్చి ఒక కప్పు చేసి చూస్తే, ముతక ఎక్కువైందో మెత్తదనం ఎక్కువైందో ఆ కప్పే చెబుతుంది.

గింజల్లో రోబస్టా వాటా ఎక్కువ ఉండాలి. వియత్నాంలో పండేది దాదాపుగా అదే. మన కొడగు, వయనాడు తోటల్లోనూ అది పుష్కలం. అరబికా కన్నా రోబస్టాలో కెఫీన్ రెండింతల దాకా ఉంటుంది, చేదూ చిక్కదనమూ ఎక్కువ. కండెన్స్‌డ్ మిల్క్ కింద కూడా ఆ రుచి మునిగిపోదు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ అరబికా. దాని సున్నితమైన పులుపు ఈ తీపిలో కనపడకుండా పోతుంది. అరకు మీద ఇష్టమున్నవాళ్లు మూడు వంతుల రోబస్టాకి ఒక వంతు కలుపుకుంటే వాసన బాగుంటుంది.

చికోరీ కలిసినా తప్పు లేదు. అమెరికాలో స్థిరపడ్డ వియత్నామీ కుటుంబాల్లో చాలామంది న్యూ ఓర్లీన్స్‌లోని కెఫే డు మోండ్ చికోరీ పొడినే ఫిన్‌లో వేసుకుంటారు. అది ముతకగా ఉంటుంది కాబట్టి నడుస్తుంది. మన దగ్గర చికోరీ పొడి మెత్తగా వస్తుంది గనక, చుక్క నడక చేతికొచ్చేదాకా చికోరీ లేని పొడితో చేయడం తేలిక.

ఒక కప్పు, మొదటినుంచి చివరిదాకా

చిన్న గాజు గ్లాసు తీసుకోండి. గాజైతే లోపల జరిగేది కనపడుతుంది. దాన్ని వేడినీళ్లతో కడిగి, ఒకటిన్నర టేబుల్ స్పూన్ల కండెన్స్‌డ్ మిల్క్, అంటే సుమారు 30 గ్రాములు వేయండి. అందులో సగానికి పైగా చక్కెరే, విడిగా పంచదార అక్కర్లేదు. డబ్బా ఫ్రిజ్‌లో ఉంటే ముందే బయటపెట్టండి, చల్లటి పాలు కాఫీ వేడిని లాగేస్తాయి.

నీళ్లు మరిగించండి. హైదరాబాద్ సముద్రమట్టానికి ఐదువందల మీటర్ల పైన ఉంది, ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పొయ్యి కట్టేసి అర నిమిషం ఆగితే చాలు, థర్మామీటర్ అక్కర్లేదు. ఆ నీళ్లలో కొన్ని ఖాళీ ఫిన్‌లో పోసి పారబోయండి, లోహం వేడెక్కుతుంది.

ఇప్పుడు 18 గ్రాముల పొడి వేయండి. గిన్నెని పక్కకి రెండు మూడుసార్లు కదిపితే పొడి సమంగా పరుచుకుంటుంది. వేలితో నొక్కకండి. బిళ్లని పొడికి తగిలేదాకా తిప్పి, అక్కణ్ణించి అర చుట్టు వెనక్కి వదలండి. తడిసిన పొడి ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకి చోటు కావాలి. మర లేని బిళ్లయితే మెల్లగా కూర్చోబెట్టి వదిలేయండి.

ఫిన్‌ని గ్లాసు మీద పెట్టి 25 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, 40 సెకన్లు ఆగండి. పొడిలో చిక్కుకున్న వాయువు బుడగలుగా పైకొస్తుంది. వాయువు పోకపోతే నీళ్లు పొడిని సరిగ్గా తడపలేవు, దొరికిన సందు వెంట జారిపోతాయి. ఈ దశలో ఒకటి రెండు చుక్కలు రాలితే ఫరవాలేదు. ధార కట్టిందంటే మాత్రం పొడి ముతక.

తరవాత 50 మిల్లీలీటర్లు పోసి మూత పెట్టి, గడియారం చూసుకోండి. నీటి మట్టం సగానికి దిగాక ఇంకో 50 పోయండి. మొత్తం 125 పోశాం. పొడి తన బరువుకి రెండింతల నీళ్లు పట్టి ఉంచుకుంటుంది, అంటే 40 దాకా పైనే ఉండిపోతుంది. గ్లాసులోకి దిగేది 85.

చుక్కల లెక్క

సెకనుకి ఒక చుక్క పడాలని చెప్పేవాళ్లున్నారు. లెక్క వేసి చూస్తే అది కుదరదు. చుక్క పరిమాణం మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు నుంచి పదో వంతు దాకా ఉంటుంది. సెకనుకి ఒక్కటి చొప్పున 85 మిల్లీలీటర్లు దిగాలంటే దాదాపు పావుగంటైనా పడుతుంది. ఐదు నిమిషాల్లో దిగాలంటే అన్ని చిల్లుల నుంచీ కలిపి సెకనుకి మూడు నుంచి ఆరు చుక్కలు పడాలి. చూడ్డానికి చుక్కలు ఒకదాని వెంట ఒకటి తరుముకున్నట్టు ఉండాలి, కలిసి దారంలా సాగకూడదు.

ఆ వేగం కూడా మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉండదు. పైన నీళ్లు ఎక్కువున్నప్పుడు ఒత్తిడి ఎక్కువ, కాబట్టి చురుగ్గా దిగుతాయి. మట్టం తగ్గుతూ, నీళ్లు చల్లబడి చిక్కబడుతూ ఉంటే నెమ్మదిస్తాయి. నీళ్లని రెండు విడతలుగా పోయడంలో ఈ లాభం కూడా ఉంది: మట్టం మరీ పడిపోక ముందే వేడినీళ్లు తోడవుతాయి, నడక మధ్యలో ఆగదు.

కండెన్స్‌డ్ మిల్క్ కాఫీకన్నా బరువు గనక గ్లాసు అడుగునే ఉండి, కాఫీ దాని మీద నల్లటి పొరగా తేలుతుంది. ఆ పొర ఎంత త్వరగా ఎత్తు పెరుగుతోందో గాజులోంచి చూడొచ్చు. చుక్కలు లెక్కపెట్టడం కంటే ఇదే తేలిక.

నడక తప్పితే

రెండున్నర నిమిషాల్లోనే అయిపోతే కాఫీ రంగు పలచగా, రుచి పుల్లగా ఉంటుంది. ఎనిమిది నిమిషాలు దాటితే నాలుక మీద పొడిబారిన చేదు మిగులుతుంది, గ్లాసు గోరువెచ్చన. రెంటికీ మందు ఒకే వరసలో ఉంది. కాస్త తేడా అయితే బిళ్లని పావు చుట్టు బిగించండి లేదా వదలండి. పెద్ద తేడా అయితే బిళ్లతో కుస్తీ పట్టకుండా, వచ్చేసారి పొడిని ఇంకొంచెం మెత్తగా లేదా ముతకగా పట్టించండి. ఒక కప్పుకి ఒక్క మార్పే చేయండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

చుక్కలు పూర్తిగా ఆగిపోతే మూత తీసి, ఫిన్‌ని గ్లాసు మీద నుంచి ఒకవైపు కొద్దిగా ఎత్తి దించండి. పళ్లెం కింద గాలి చిక్కుకుని ఉంటే వదులుతుంది, చుక్క మళ్లీ మొదలవుతుంది. వదలకపోతే పొడి మెత్తన అని అర్థం.

వేగం సరిగ్గానే ఉండి కాఫీ మాత్రం నీరసంగా వస్తే, తడి పొడిని చూడండి. ఒక పక్క గుంట పడి ఉంటే నీళ్లన్నీ ఆ దారినే జారిపోయాయి, మిగతా పొడి సారం పొడిలోనే ఉండిపోయింది. పోసేముందు పొడిని సమంగా పరచడం, నీళ్లని బిళ్ల మధ్యలో నెమ్మదిగా పోయడం దీనికి విరుగుడు.

ఎండాకాలానికి, నలుగురికి

ఏప్రిల్ ఎండలకి ఐస్ మీద తాగాలనిపిస్తే నీళ్లు తగ్గించండి. ఈ వేడి కాఫీ చల్లబడేలోపు సుమారు 75 గ్రాముల ఐస్ కరిగి అందులోనే కలుస్తుంది, అంటే కప్పు దాదాపు రెట్టింపు పలచనవుతుంది. పొడి 18 గ్రాములే ఉంచి, మొత్తం నీళ్లు 100కి తగ్గిస్తే గ్లాసులోకి 60 దిగుతుంది. పాలతో బాగా కలిపాకే గ్లాసు నిండా ఐస్ వేసి అందులోకి వంపండి. చల్లబడ్డాక కండెన్స్‌డ్ మిల్క్ సరిగ్గా కలవదు.

ఫిన్‌కి ఉన్న హద్దు ఒక్కసారికి ఒక్క కప్పే. పెద్ద ఫిన్ కొని పొడి రెట్టింపు చేస్తే పొర మందమై, ముతక, బిగింపు అన్నీ కొత్తగా చూసుకోవాలి. నలుగురు చుట్టాలొచ్చిన రోజు మన స్టీలు ఫిల్టర్‌నే నమ్ముకోండి. అదే రోబస్టా 70 గ్రాములు, ఫిల్టర్‌కి తగ్గట్టు మెత్తగా పట్టినది, నీళ్లు అరలీటరు. దిగిన డికాక్షన్‌ని మరగనివ్వకుండా వేడిచేసి, ఒక్కో గ్లాసులో 30 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ మీద 85 చొప్పున పోస్తే దాదాపు అదే గాఢత వస్తుంది.