అరగంట, ముప్పావుగంట తేడాలున్న ప్రాంతాలతో సమావేశవేళల గణన

బళ్ళారిలోని ఒక పాత ఇంటి ఖాతా మార్పును గురించి నలుగురు తోబుట్టువులు వీడియో ద్వారా మాట్లాడుకోవాలని నిశ్చయించుకున్నారు. పెద్దన్న నేపాల్ రాజధాని ఖాట్మండులోను, ఒక అక్క ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలోను, చెల్లెలు కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ దీవిపైనున్న సెయింట్ జాన్స్‌లోను ఉన్నారు. తమ్ముడొక్కడే బళ్ళారిలో ఉన్నాడు. పత్రంలోని షరతులను అందరూ కలిసి విన్న తరువాతనే సంతకాలు చేయాలన్నది వారి ఒప్పందం. జనవరిలో ఒక ఆదివారం, ఖాట్మండు కాలం ప్రకారం ఉదయం 9.00 గంటలకు ముహూర్తం కుదిరింది. తమ్ముడు లెక్క వేసుకొని మన కాలం 9.25కు ఫోను ముందు కూర్చున్నాడు. అప్పటికి సమావేశం మొదలై నలభై నిమిషాలు గడిచాయి. చెల్లెలు అసలే రాలేదు.

తమ్ముని లెక్కలో లోపం ఎక్కడున్నదో చూడవలెనంటే ముందు ఈ తేడాల మూలాన్ని గ్రహించాలి. భూమి ఒక్కొక్క డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు సమీపంగా పోతుంది. 82½ను నాలుగుతో గుణిస్తే 330 నిమిషాలు, అనగా అయిదున్నర గంటలు. విశ్వకాలమైన యూటీసీ కంటె మనం ముందున్నది అంతే. నేపాల్ 1986 నుంచి గౌరీశంకర శిఖరం మీదుగా పోయే 86¼ డిగ్రీల రేఖను అనుసరిస్తున్నది. దానికి 345 నిమిషాలు, అంటే అయిదుముప్పావు గంటలు. రెండు దేశాల నడుమ ఉన్న తేడా పదిహేను నిమిషాలే. కనుక ఖాట్మండులో 9.00 అయితే బళ్ళారిలో 8.45 కావాలి.

తమ్ముడు పద్ధతి తప్పలేదు. ముందుగా విశ్వకాలానికి మార్చి, అక్కడినుంచి మన కాలానికి రావాలనుకున్నాడు. అయితే గంటలను, నిమిషాలను చుక్కతో వేరుచేసి రాసే మన అలవాటే అతనిని మోసగించింది. లెక్కల యంత్రంలో 9.00 నుంచి 5.45 తీసివేస్తే 3.55 వచ్చింది. యంత్రానికి గంటంటే నూరు భాగాలు. మనకు అరవై నిమిషాలు. సరైన జవాబు 3.15. జవాబు 3.70 వంటిది అయివుంటే ఎవరైనా అనుమానించేవారు. 3.55 మాత్రం చూడడానికి నిజమైన వేళలాగే ఉన్నది. దానికి 5.30 కలిపితే 8.85 వచ్చింది, ఎనభై అయిదు నిమిషాలను ఒక గంటా ఇరవై అయిదుగా సరిదిద్ది 9.25 అనుకున్నాడు. తీసివేతలో నిమిషాలకు గంటను అప్పు తెచ్చినప్పుడెల్లా ఈ దోషం సరిగ్గా నలభై నిమిషాలే ఉంటుంది.

దీనికి విరుగుడు అన్నింటినీ నిమిషాలుగా మార్చుకోవడం. 9.00 అంటే 540 నిమిషాలు. 345 తీసివేస్తే 195. అది యూటీసీ 3.15. దానికి 330 కలిపితే 525, అది 8.45. యంత్రం ఎంత తొందరపెట్టినా చుక్క జోలికి పోకూడదు. జవాబును పరీక్షించడానికి నిమిషాల ముల్లు చాలు. ఈ నలుగురి ప్రాంతాలన్నీ విశ్వకాలానికి పావుగంటల లెక్కలోనే దూరంగా ఉన్నాయి గనుక, 9.00తో మొదలైన లెక్క 00, 15, 30, 45లలో ఒకదానితోనే ముగియాలి. 55 గాని, 25 గాని కనిపించిన క్షణమే తప్పు పట్టుబడుతుంది. గంటల్లో జరిగిన పొరపాటును మాత్రం ఈ పరీక్ష పట్టలేదు.

చెల్లెలి విషయం వేరు. సెయింట్ జాన్స్ శీతకాలంలో విశ్వకాలానికి మూడున్నర గంటలు, అనగా 210 నిమిషాలు వెనుక ఉంటుంది. 195 నుంచి 210 తీసివేస్తే సున్నకు పదిహేను తక్కువ. అప్పుడు ఒక దినానికి సరిపడే 1440 నిమిషాలను కలిపి, తేదీని ఒకటి వెనక్కు జరపాలి. 1425 నిమిషాలంటే రాత్రి 11.45, అయితే అది శనివారం రాత్రి. ఆమె వేళను సరిగానే కట్టింది, వారాన్ని మార్చలేదు. ఆదివారం రాత్రి ఒంటరిగా ఎదురుచూసింది.

అదే సమావేశం జూలైలో జరిగివుంటే లెక్క మళ్లీ మారేది. న్యూఫౌండ్‌లాండ్ మార్చి రెండవ ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు గడియారాన్ని గంట ముందుకు జరుపుతుంది. అడిలైడ్‌లో ఋతువులు తలక్రిందులు. అక్కడ అక్టోబరు మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం వరకు వేసవి కాలమానం నడుస్తుంది. అప్పుడు తేడా పదిన్నర గంటలు, మిగిలిన నెలల్లో తొమ్మిదిన్నర. మన గడియారం, నేపాల్ గడియారం ఏడాది పొడుగునా కదలవు. కనుక తేడాను ఒకసారి కంఠస్థం చేసి ప్రతిసారీ వాడడం కుదరదు. సమావేశం జరిగే తేదీకి ఉన్న తేడానే తీసుకోవాలి. ఫోనులోని క్యాలెండరులో Asia/Kathmandu వంటి ప్రాంతనామాన్ని ఎంచుకుంటే ఈ మార్పు దానంతట అదే జరుగుతుంది. ఐఎస్‌టీ అని మాత్రమే రాయడం మంచిది కాదు. ఇజ్రాయెల్, ఐర్లండ్ వారికీ ఆ అక్షరాలే ఉన్నాయి.

నలుగురూ మరుసటి ఆదివారానికి మళ్లీ కుదుర్చుకున్నారు. ఈసారి పెద్దన్న పంపిన సందేశం ఇలా ఉన్నది: “యూటీసీ ఆదివారం 3.15. ఖాట్మండు ఆదివారం ఉదయం 9.00, బళ్ళారి ఆదివారం ఉదయం 8.45, అడిలైడ్ ఆదివారం మధ్యాహ్నం 1.45; సెయింట్ జాన్స్ శనివారం రాత్రి 11.45.”