స్కెచ్ పుస్తకం అడిగే ఉత్తరం

రాబర్ట్‌సన్‌పేట, కె.జి.ఎఫ్.

చిన్నీకి,

నువ్వు పంపిన ఈమెయిల్ ముసాయిదా రెండుసార్లు చదివాను. రాజమండ్రిలోని దామెర్ల రామారావు చిత్రశాలకు రాసింది. మీ గైడుకు నచ్చిందన్నావు. నాకైతే దాన్ని ఇప్పుడే పంపొద్దనిపిస్తోంది. భాష బాగుంది, మర్యాద ఉంది. కానీ అది చదివిన మనిషి కుర్చీలోంచి లేచి ఏ బీరువా తెరవాలో అందులో ఎక్కడా లేదు. "రామారావుగారి స్కెచ్ పుస్తకాలన్నీ చూసేందుకు, ఫొటోలు తీసుకునేందుకు అనుమతి ఇవ్వగలరు" అన్నావు. అవతల ఉన్నది ఒక ఉద్యోగి. "అన్నీ" అనే మాటకు ఆయన సంతకం పెట్టాలంటే భయపడతాడు. భయపెట్టిన కాగితం ఫైళ్ళ కింద ఉండిపోతుంది.

ఇది నాకు అనుభవమే. నా పరిశోధన రోజుల్లో వేరే ఊళ్ళో ఒక మ్యూజియంకు సరిగ్గా నీలాగే రాశాను. రమ్మన్నారు, వెళ్ళాను. స్టోరు చూసే ఆయన చట్రాలు కట్టిన బొమ్మలు రెండు తెచ్చి బల్లమీద పెట్టి, ఇవేనమ్మా అన్నాడు. చిత్రాల రిజిస్టరులో స్కెచ్ పుస్తకాలు లేవు. మూడో రోజు సాయంత్రం తెలిసింది, అవి అట్ట ఉన్న పుస్తకాలు కాబట్టి ఎప్పుడో ఎవరో లైబ్రరీ రిజిస్టరులో ఎక్కించారని. అప్పటికి నా తిరుగు టికెట్టు తేదీ వచ్చేసింది. తప్పు ఆయనది కాదు. "ఈ పుస్తకాలు మీ దగ్గర ఏ రిజిస్టరులో, ఏ నంబరు కింద ఉన్నాయి?" అని ముందు అడగాల్సింది నేను.

కాబట్టి మొదటి ఉత్తరంలో చూడటానికి అనుమతి అడగకు. జాబితా అడుగు. పుస్తకాలు ఎన్ని, ఒక్కోదాని నంబరు ఏమిటి, కుట్టు గట్టిగా ఉందా, ఆకులు విడిపోయాయా, ఇప్పటికే ఫొటోలు తీసి ఉన్నాయా. ఇంతే. జవాబు వచ్చాక రెండో ఉత్తరంలో నంబర్లు వేసి, రెండో మూడో పుస్తకాలు మాత్రమే అడుగు.

ఇక అసలు సంగతికి వస్తాను. "ఫొటోలు ఉన్నాయి, పంపుతాం, రావాల్సిన పని లేదు" అని వాళ్ళు అంటే ఏం చెబుతావు? నీ ముసాయిదాలో దానికి జవాబు లేదు. అసలు పుస్తకం చేత్తో తెరవాల్సిన అవసరం ఎందుకో ఒక్క పేరాలో చెప్పగలిగితేనే ఆ బీరువా తెరుచుకుంటుంది.

నీ ప్రశ్న నాకు నచ్చింది. రామారావుగారు బొంబాయి జె.జె. స్కూల్లో చదువు ముగించి కథియవాడ్ ప్రాంతం తిరిగారు కదా. ఆ ప్రయాణంలో గీసినవి ఏవి, ఇంటికి వచ్చాక గీసినవి ఏవి అని తేల్చాలంటున్నావు. ఆయన 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు, ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. అంత తక్కువ కాలంలో ఏ గీత ముందు, ఏ గీత తర్వాత అన్నది నిజంగా తేల్చదగిన విషయమే. కానీ నువ్వు పుటల వరుసనే తేదీల వరుస అనుకుంటున్నావు. అక్కడే జాగ్రత్త పడాలి.

మీ తాత చాంపియన్ రీఫ్ సర్వే ఆఫీసులో పనిచేసేవారు కదా, ఆయన ఫీల్డ్ బుక్ నువ్వూ చూశావు. ప్రతి పేజీకీ నంబరు. తప్పు రాస్తే చెరపకూడదు, అడ్డంగా గీత కొట్టి పక్కన మళ్ళీ రాయాలి. ఆకు చించడమంటే పెద్ద నేరం. గనిలో భూమి కింద ఉన్న మనుషుల ప్రాణాలు ఆ అంకెలమీద ఆధారపడి ఉండేవి మరి. చిత్రకారుడి పుస్తకానికి ఆ కట్టుబాటు ఏదీ లేదు. సగంలో తెరిచి గీస్తాడు, తిరగేసి వెనకనుంచి మొదలుపెడతాడు, రెండేళ్ళ తర్వాత ఖాళీ పేజీ కనబడితే అక్కడ ఇంకో బొమ్మ వేస్తాడు, స్నేహితుడు అడిగితే ఆకు చించి ఇచ్చేస్తాడు. ఫొటోలో ఇవేవీ కనబడవు. ఫొటో తీసినవాడు ఖాళీ పేజీలు వదిలేసి బొమ్మలున్న పేజీలే తీసి ఉంటే, మిగిలిన వరుస కూడా అబద్ధమే చెబుతుంది.

పుస్తకం నీ ముందుకు వచ్చాక బొమ్మలు చూడకు, ముందు ఆకులు లెక్కపెట్టు. పేజీలు కాదు, ఆకులు. ఆకు 1 ముందు, ఆకు 1 వెనక అని రాసుకో. తర్వాత కుట్టు దారం ఎక్కడ కనబడుతోందో చూడు. నాలుగు కాగితాలు మధ్యకు మడిచి కుడితే ఎనిమిది ఆకులవుతాయి, దారం నాలుగో ఆకుకూ ఐదో ఆకుకూ మధ్య కనబడుతుంది. ఒక కట్టలో దారానికి ఇవతల నాలుగు, అవతల మూడే ఉన్నాయనుకో, ఒక ఆకు పోయిందన్నమాట. మడత దగ్గర సన్నటి అంచు మిగిలిందేమో వెతుకు. చిరిగిన అంచు ఒకటి, కత్తితో కోసిన అంచు ఒకటి, రెండూ వేరుగా ఉంటాయి. ఏది కనబడితే అది రాసుకో. పుస్తకాన్ని తర్వాత ఎవరైనా మళ్ళీ బైండు చేయించి ఉంటే, లేదా విడి ఆకులు జిగురుతో అతికించినదైతే ఈ లెక్క పనికిరాదు. ఆ మాటా రాసుకో.

రెండోది ఎదురు మరక. మెత్తటి పెన్సిలుతో గీసిన పేజీ మూసి ఉంచితే దాని నలుపు ఎదుటి పేజీమీద పల్చగా, అద్దంలో బొమ్మలా తిరగబడి అంటుకుంటుంది. ఆరో ఆకు వెనక ఒక ఆవు ఉందనుకో. ఏడో ఆకు ముందుభాగంలో ఆవు నీడ తిరగబడి కనబడితే ఆ రెండూ మొదటినుంచీ ఎదురెదురే. అలా కాక ఏడో ఆకుమీద కుండ మోస్తున్న మనిషి నీడ కనబడి, ఆరో ఆకులో అలాంటి బొమ్మే లేదనుకో. మధ్యలో ఒక ఆకు ఉండేది, అది ఇప్పుడు లేదు. ఆ కుండ మనిషి ఏదో చట్రంలోనో, ఎవరింటి గోడమీదో విడి బొమ్మగా ఉండి ఉండవచ్చు. దాన్ని గుర్తుపట్టగలిగితే నీ థీసిస్‌లో ఒక అధ్యాయమే అవుతుంది. అయితే నీడ లేనంత మాత్రాన ఏమీ రుజువు కాదు. గట్టి పెన్సిలు, ఆరిపోయిన సిరా సాధారణంగా అంటవు.

మూడోది పక్కవెలుతురు. చిన్న టార్చి కాగితానికి దాదాపు సమాంతరంగా పట్టుకుంటే, పై ఆకుమీద గట్టిగా నొక్కి గీసిన గీతల గుంటలు కింది ఆకుమీద నీడలుగా లేస్తాయి. టార్చి వాడతానని ఉత్తరంలోనే చెప్పు. చెప్పకుండా సంచిలోంచి తీస్తే వాళ్ళు కంగారుపడతారు.

ఈ మూడూ కలిపి రాస్తే నీ రెండో ఉత్తరం సుమారుగా ఇలా ఉండాలి:

"అయ్యా, నేను రామారావుగారి ప్రయాణ చిత్రాలమీద డాక్టరేటు చేస్తున్నాను. మీరు పంపిన జాబితాలోని ఫలానా నంబరు, ఫలానా నంబరు స్కెచ్ పుస్తకాలు రెండు పనిదినాలు మీ గదిలో, మీ సిబ్బంది సమక్షంలో చూడాలని కోరుతున్నాను. ఫొటోలు ఉన్నవరకు వాటినే వాడతాను. ఆకుల వరుస, కుట్టు, చిరిగిన అంచులు, ఎదుటి పేజీలమీది పెన్సిలు మరకలు మాత్రం అసలు పుస్తకంలోనే తెలుస్తాయి కాబట్టి దాన్ని చూడాల్సి వస్తోంది. నా దగ్గర పెన్సిలు, కొలత టేపు, వేడి పుట్టని చిన్న టార్చి ఉంటాయి. పుస్తకం పూర్తిగా పరిచి తెరవను. ఆకులు బలహీనంగా ఉంటే మీ సిబ్బందే తిప్పవచ్చు. పని అయ్యాక నా ఆకుల లెక్క ప్రతి ఒకటి మీ రికార్డుకు ఇస్తాను. మీకు వీలైన తేదీలు తెలియజేయగలరు."

ఆకుల లెక్క ప్రతి ఇస్తానన్న వాక్యం మర్చిపోకు. ఏ ఆకు ఉంది, ఏది లేదు అన్న లెక్క చాలా చోట్ల ఉండదు. నువ్వు ఇచ్చే రెండు కాగితాలు రేపు ఆ పుస్తకానికి కాపలా.

ఫొటోల సంగతి విడిగా అడుగు. చూడటం ఒకటి, నోట్సు కోసం ఫోన్‌తో తీసుకోవడం ఇంకొకటి, అచ్చు వేయడం మూడోది. మూడూ ఒకే వాక్యంలో కలిపితే మూడో దానికోసం మొదటిదీ ఆగిపోతుంది. "థీసిస్‌లో మాత్రమే వాడతాను" అన్నావు. థీసిస్ శోధగంగలోకి ఎక్కుతుంది, ప్రపంచంలో ఎవరైనా దించుకోవచ్చు. ఆ మాట వాళ్ళకు ముందే చెప్పడం న్యాయం.

కాపీరైటు గురించి కూడా అడిగావు. మన దేశంలో బొమ్మలకు చిత్రకారుడు పోయిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు. రామారావుగారు పోయింది 1925లో కాబట్టి ఆయన గీతలమీద ఆ హక్కు తీరి చాలాకాలమైంది. అయినా పుస్తకం వాళ్ళ సొత్తు. వాళ్ళ గదిలో ఫొటో తీయనివ్వడమా, రుసుము అడగడమా అన్నది వాళ్ళ నిబంధన. మన పక్క చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన ప్రింట్ల కళాకారుడు కృష్ణారెడ్డిగారి విషయం వేరు. ఆయన పుట్టింది రామారావుగారు పోయిన ఆ 1925లోనే, పోయింది 2018లో. ఆయన గీతలు అచ్చు వేయాలంటే 2078 ముగిసేదాకా హక్కుదారుల అనుమతి కావాలి. నీ నాలుగో అధ్యాయంలో ఆయన్ను పోలికకు తెస్తానన్నావుగా, దానికి హక్కుదారులకు విడిగా ఉత్తరం రాయాలి. మ్యూజియం సరే అన్నా అది హక్కుదారుల అనుమతి కాదు.

ఇక పంపే పద్ధతి. ఈమెయిల్ ఒక్కటే చాలదు. చిత్రశాల ఏ శాఖ కింద ఉంది, అనుమతి ఇచ్చే అధికారం ఎవరిది అని ముందు ఫోన్ చేసి కనుక్కో. ఉత్తరం మనిషి పేరున కాక హోదా పేరున రాయి. పేరున రాసింది ఆ మనిషికి బదిలీ అయితే ఆయనతోనే పోతుంది. యూనివర్సిటీ లెటర్‌హెడ్‌మీద మీ గైడు సంతకంతో ఉన్న కాగితం స్కాన్ చేసి ఈమెయిల్‌కు జతచెయ్యి, అసలు కాగితం స్పీడు పోస్టులో పంపు. రెండు వారాలు ఆగి ఫోన్ చేసి, "నా ఉత్తరం ఇన్‌వర్డ్ నంబరు ఎంతండీ?" అని అడుగు. ఆ నంబరు దొరికితే నీ ఉత్తరం ఒక ఫైలయింది, ఎవరి బల్లమీద ఉందో అడగవచ్చు. నంబరు లేదంటే ఉత్తరం అందలేదనే లెక్క. కోపం తెచ్చుకోకుండా మళ్ళీ పంపు.

తేదీలు ఖాయమయ్యేదాకా టికెట్టు కొనకు. వెళ్ళేరోజు చేతులకు నూనె, క్రీములు రాసుకోకు. కాగితానికి గ్లవ్స్ కంటే కడిగి ఆరబెట్టుకున్న చేతులే మేలు, గ్లవ్స్‌లో ఆకు అంచు తెలియక చిరుగుతుంది. కానీ అక్కడి వాళ్ళు గ్లవ్స్ ఇస్తే వేసుకో. వేలు తడిచేసి ఆకు తిప్పే అలవాటు నీకుంది, పండగకు వచ్చినప్పుడు చూశాను. ఇప్పటినుంచే మానెయ్.

మొదటి ఉత్తరం, ఆ జాబితా అడిగేది, ఈ ఆదివారంలోగా రాసి నాకు పంపు. ఐదు వాక్యాలు మించకూడదు. మీ తాత ఫీల్డ్ బుక్ బయటికి తీసి పెట్టాను. రాజమండ్రి వెళ్ళేముందు ఒకసారి వచ్చి, దానిమీద ఆకులు లెక్కపెట్టడం, దారం వెతకడం నేర్చుకో. మారికుప్పం బండి ఎక్కి ఉరుగామ్‌లో దిగు, నేను స్టేషనుకు వస్తాను.

మీ పెద్దమ్మ