గది తలుపు అవతల

మాతో కలిసి పనిచేసిన ఒక అధికారిణి, ఆమె భర్త ముత్తియాల్‌పేటలో గడియార స్తంభానికి దగ్గరలో అద్దెకు ఉండేవారు. ఇద్దరిదీ యానాం. ఆయనది పుదుచ్చేరి ప్రభుత్వంలో ఉద్యోగం. బదిలీ మీద ఆయన ముందు వచ్చారు, తర్వాత ఆమె కోరి మరీ బదిలీ చేయించుకున్నారు. వారి అనుమతితోనే ఈ విషయం రాస్తున్నాను. పేర్లు చెప్పడం లేదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఆయన మొదట మానేసింది సాయంత్రం సముద్రం వైపు నడక. తర్వాత యానాంలో ఉన్న తమ్ముడి ఫోన్లు ఎత్తడం మానేశారు. రెండో నెలకి ఆఫీసు నుంచి రాగానే గదిలోకి వెళ్లి, లైటు ఆర్పి, గోడవైపు తిరిగి పడుకునేవారు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసేది. ఊరి నుంచి ఎవరో తెచ్చిన పులస పులుసు పెడితే రెండు ముద్దలు తిని లేచిపోయారు. గోదావరి పక్కన పుట్టినవాడు పులస వదిలేశాడంటే ఏదో జరిగిందని ఆమెకు అప్పుడు అనిపించిందట.

అంతవరకు ఆమె అనుకున్నది వేరు. తనమీద కోపమనుకున్నారు. చాలా ఇళ్లలో మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. కోపమైతే ఒకరి మీద ఉంటుంది, మిగతావాళ్లతో మాట సాగుతూనే ఉంటుంది. కుంగుబాటులో మనిషి అందరి నుంచీ, తనకు ఇష్టమైన వాటి నుంచీ కూడా తప్పుకుంటాడు. నిద్ర, ఆకలి మారతాయి. ఏ పనీ మొదలుపెట్టలేనంత నీరసం ఉంటుంది. 'నేను వీళ్లకి భారం' అన్న ఆలోచన లోపల తిరుగుతూ ఉంటుంది. ఇది రోజులో ఎక్కువ భాగం, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలకు మించి సాగితే డాక్టరుకు చూపించాల్సిందే. 'ఏం కష్టమొచ్చిందని?' అని కారణం కోసం ఆగక్కర్లేదు. చెప్పుకోదగ్గ కారణం లేకుండానే ఇది రావచ్చు.

ఆమె రోజూ రాత్రి గది గుమ్మంలో నిలబడి అడిగేవారు: "ఏమైందండీ? నేనేమైనా అన్నానా? ఏదో ఒకటి చెప్పండి." ఆయన "ఏం లేదు" అనేవారు. ఆమె మళ్లీ అడిగేవారు, చివరికి ఏడ్చేవారు. ఆమె ఏడుపు చూసి ఆయనకు తను భారమన్న ఆలోచన ఇంకా గట్టిపడేది. మర్నాడు ఇంకొంచెం త్వరగా తలుపు వేసుకునేవారు. ఒకరు వెంటపడేకొద్దీ ఇంకొకరు వెనక్కి జరగడం అన్నమాట. ఇందులో ఎవరి తప్పూ లేదు. కానీ తిరగడం ఆపగలిగేది, ఆ సమయానికి, జబ్బు లేని మనిషే.

ఆమె రాత్రి ప్రశ్నలు ఆపేశారు. వాటి స్థానంలో జవాబు అక్కర్లేని మాటలు పెట్టారు. "ఆరున్నరకి నేను సముద్రం వైపు వెళ్తున్నాను. వస్తే కలిసి వెళ్దాం. రాకపోతే ఏడున్నరకి వచ్చేస్తాను." ఇంతే. ఆయన రాకపోతే ఆమె నిజంగానే వెళ్లి, నిజంగానే ఏడున్నరకి వచ్చేవారు. పదకొండు రోజులు ఒంటరిగానే వెళ్లారు. పన్నెండో రోజు ఆయన చెప్పులు వేసుకుని వీధి చివరి వరకు వచ్చి వెనక్కి వెళ్లిపోయారు. "అంత దూరం వచ్చారు, ఇంకాస్త రాకూడదా" అన్న మాట నోటిదాకా వచ్చిందట, మింగేశారు. కుంగుబాటులో ఉన్నవాళ్లకు ఉత్సాహం వచ్చాక పని మొదలవదు. చిన్న పని మొదలయ్యాకే కాస్త ఉత్సాహం వస్తుంది. అందుకే ఆ పని వీధి చివరంత చిన్నదైనా సరే, దాన్ని అలాగే లెక్కలో వేసుకోవాలి.

అయితే నడక వైద్యం కాదు. ఆయన్ని గోరిమేడులోని జిప్మర్ మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లారు. "మీకు డిప్రెషన్" అంటే వచ్చేవారు కాదేమో. "మూడింటికి మెలకువ వస్తోంది కదా, నిద్ర సంగతి అడుగుదాం" అంటే వచ్చారు. ఆమె ఒక కాగితం మీద నాలుగు లైన్లు రాసుకెళ్లారు: ఎప్పటినుంచి, నిద్ర ఎన్ని గంటలు, తిండి ఎంత, ఏమేం మానేశారు. రోగి ఏం చెప్పాడో డాక్టరు మనకు చెప్పకపోవచ్చు. అది రోగి హక్కు. మనం చూసింది డాక్టరుకు చెప్పడానికి మాత్రం అడ్డేమీ లేదు.

మందుల గురించి ఒక్క విషయం తెలిస్తే సగం గొడవలు తప్పుతాయి. వికారం, తలనొప్పి లాంటి ఇబ్బందులు మొదటి వారంలోనే కనిపిస్తాయి. ప్రయోజనం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. 'పనిచేయడం లేదు' అని మానేసేది సరిగ్గా ఈ మధ్యకాలంలోనే. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. సొంతంగా ఆపకూడదు. ఇంకొకటి, మనసు తేలికపడక ముందే ఒంట్లో ఓపిక తిరిగి రావచ్చు. ఆ రోజుల్లో ఇంట్లోవాళ్లు మరింత గమనించాలి.

ఆయన ఒక రాత్రి "నేను లేకపోతే నీకు హాయి" అన్నారు. ఆమె వినీ విననట్టు ఊరుకోలేదు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడిగారు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనవాళ్ల భయం. అలా జరగదు. చాలామందికి ఆ మాట బయటపెట్టే దారి దొరుకుతుంది. ఆయన అవునన్నారు, ఎవరికీ చెప్పొద్దన్నారు. ఆమె ఆ మాట ఇవ్వలేదు. "ఇది నేనొక్కదాన్నే మోయలేనండీ, మీ తమ్ముడికీ డాక్టరుగారికీ చెప్తాను" అన్నారు. ఇంట్లో ఉన్న మాత్రలు తన బీరువాలో పెట్టి తాళం వేశారు, ఆ రాత్రే 14416కి ఫోన్ చేశారు. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లోవాళ్లు తమ కోసం కూడా చేయవచ్చు. ప్రాణం మీదికొచ్చిన పరిస్థితైతే ఫోన్లతో సరిపెట్టకుండా ఆసుపత్రి అత్యవసర విభాగానికే తీసుకెళ్లాలి.

తమ్ముడు యానాం నుంచి వచ్చి పది రోజులున్నారు. తర్వాత ప్రతి ఆదివారం ఆయనతో మాట్లాడే బాధ్యత తమ్ముడిది. డాక్టరు దగ్గరికి వెళ్లే తేదీలు, మందుల చీటీ ఆమెవి. లోపలి బాధను విప్పి మాట్లాడే పని ఆసుపత్రిలోని కౌన్సెలరుది. ఆమె ఇక దాన్ని చేపట్టలేదు. రాత్రి పదిన్నర తర్వాత ఆయన అదే దిగులు మళ్లీ మొదలుపెడితే "ఇది మంగళవారం వాళ్లకి చెప్దాం, నేను పక్కనే ఉన్నాను, పడుకోండి" అనేవారు. చచ్చిపోవాలనే మాట వస్తే మాత్రం ఈ వేళల నియమం లేదు. మనం రుణపత్రాల్లో హామీదారుకి బాధ్యత ఎంతవరకో రాసుకుంటాం. భార్య సంతకానికే ఆ పరిమితి ఉండదనుకుంటాం, అదెందుకో నాకు అర్థం కాదు.

మానేయాల్సినవి కూడా కొన్ని ఉన్నాయి. ఆయన తరఫున ఆఫీసుకు 'జ్వరం' అని అబద్ధాలు చెప్పడం ఆపి, వైద్య ధ్రువపత్రంతో సెలవు పెట్టించారు. ఆ అబద్ధాలు గుర్తుపెట్టుకోవడమే ఆమెకు రెండో ఉద్యోగమైపోయింది. శనివారం మధ్యాహ్నం స్నేహితురాలితో కుట్టుపని నేర్చుకునే రెండు గంటలు ఆమె మూడు నెలలుగా వదిలేశారు, మళ్లీ మొదలుపెట్టారు. మొదటి శనివారం బయటికి వెళ్లేటప్పుడు దొంగతనం చేస్తున్నట్టు అనిపించిందట. ఆమెకే నిద్ర పోయి, నెల తిరిగినా చిరాకు తగ్గకపోతే తనూ డాక్టరుకు చూపించుకోవాలని ముందే నిర్ణయించుకున్నారు.

ఇప్పటికి ఎనిమిది నెలలు. మందులు నడుస్తున్నాయి. మధ్యలో ఒక పదిహేను రోజులు మళ్లీ తలుపు వేసుకున్నారు. ఈసారి రెండో వారం దాకా ఆగకుండా, డాక్టరు దగ్గరికి వెళ్లే తేదీ ముందుకు జరిపించారు. ఇప్పుడు వారంలో నాలుగు రోజులు నడకకు వస్తున్నారు. మిగతా రోజుల్లో ఆమె ఒంటరిగానే వెళ్లి, ఏడున్నరకి ఇంటికి వస్తున్నారు.